బేసిక్ కింద ఉన్న రెండో అంకె

కంపెనీల త్రైమాసిక ఫలితాలు పత్రికల్లో పట్టికలుగా అచ్చవుతాయి. చదివేవాళ్ల చూపు అమ్మకాల మీదా, నికర లాభం మీదా పడుతుంది. మహా అయితే అది గత ఏడాది కంటే ఎంత పెరిగిందో చూసుకుని పేజీ తిప్పేస్తారు. ఆ పట్టిక అడుగున ఈపీఎస్ అని, అంటే ఒక్కో షేరుకు వచ్చిన లాభం అని, రెండు వరుసలు ఉంటాయి. పైది బేసిక్, కిందిది డైల్యూటెడ్. రెండూ ఇవ్వాలన్నది నియమం. కింది అంకె చాలాసార్లు పైదానికంటే కాస్త తక్కువగా ఉంటుంది. ఆ కాస్త తేడా ఎక్కడి నుంచి వస్తుందో పట్టించుకునేవాళ్లు తక్కువే.

పట్టించుకోకపోవడానికి కారణం లేకపోలేదు. 2023–24లో ఇన్ఫోసిస్ బేసిక్ ఈపీఎస్ 63.39 రూపాయలు, డైల్యూటెడ్ 63.29 రూపాయలు. పది పైసల కోసం ఎవరు తల పట్టుకుంటారు? కానీ 2020లో అమెరికా కార్ల కంపెనీ టెస్లా చూపించిన అంకెలు వేరు. బేసిక్ 74 సెంట్లు, డైల్యూటెడ్ 64 సెంట్లు. లాభం ఒకటే, ఏడాది ఒకటే. వరుస మారేసరికి ఒక్కో షేరు వాటాలో దాదాపు ఏడో వంతు ఎగిరిపోయింది. ఎగిరిపోయిన ఆ పది సెంట్లు ఎవరివో తెలియాలంటే, కింది అంకెను ఎలా కడతారో చూడాలి.

పైవరుసలో పెద్ద చిక్కు లేదు. ఈక్విటీ వాటాదారులకు మిగిలిన లాభాన్ని ఏడాది పొడవునా సగటున ఉన్న షేర్లతో భాగిస్తారు. ఏడాది మధ్యలో కొత్త షేర్లు ఇస్తే, అవి ఉన్నన్ని రోజుల మేరకే లెక్కలోకి వస్తాయి. అంతే.

కిందివరుస లెక్కే వేరు. ఇంకా షేర్లు కాలేదు గానీ రేపు షేర్లు కాగల కాగితాలు కంపెనీ చాలామంది చేతుల్లో పెట్టి ఉంటుంది. ఉద్యోగుల ఈసాప్‌లు, వారంట్లు, షేర్లుగా మార్చుకోగల డిబెంచర్లు, బాండ్లు, ప్రిఫరెన్స్ షేర్లు అలాంటివి. వాళ్లంతా ఈ ఏడాది మొదట్లోనే వచ్చి తమ షేర్లు తీసుకుని ఉంటే ఇదే లాభం ఎంతమందికి పంచాల్సి వచ్చేది? కింది అంకె జవాబు చెప్పేది ఈ ప్రశ్నకే. పెళ్లిపందిట్లో కూర్చున్నవాళ్లకే కాక, శుభలేఖ అందుకుని ఇంకా దారిలో ఉన్నవాళ్లకూ విస్తళ్లు లెక్కపెట్టడం లాంటిదది. అయితే దారిలో ఉన్నవాళ్లందరినీ ఒకే తీరుగా లెక్కపెట్టరు. ఆప్షన్లకు ఒక పద్ధతి, కన్వర్టిబుల్స్‌కు ఇంకో పద్ధతి. మన దేశంలో లిస్టెడ్ కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 33 అనే ప్రమాణం ఈ పద్ధతులను చెబుతుంది. ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడే ఐఏఎస్ 33కి ఇది మన రూపం. అమెరికా నియమాలు కూడా స్థూలంగా ఇదే దారిలో ఉంటాయి.

ముందు ఆప్షన్ల సంగతి. ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. నికర లాభం 100 కోట్ల రూపాయలు, షేర్లు 10 కోట్లు. కాబట్టి బేసిక్ ఈపీఎస్ 10 రూపాయలు. ఈ కంపెనీ తన ఉద్యోగులకు కోటి ఆప్షన్లు ఇచ్చింది. ఒక్కో ఆప్షన్‌కు 50 రూపాయలు కట్టి ఒక షేరు తీసుకోవచ్చు. ఏడాదిలో షేరు సగటు మార్కెట్ ధర 200 రూపాయలు.

కోటి ఆప్షన్లున్నాయి గనుక కోటి షేర్లు కలిపితే సరిపోతుందని మనకు అనిపిస్తుంది. ప్రమాణం అలా చేయదు. ఉద్యోగులు వాటిని వాడుకుంటే కంపెనీకి 50 కోట్ల రూపాయలు వస్తాయి కదా, ఆ డబ్బుతో కంపెనీ బజారులో 200 రూపాయల చొప్పున షేర్లు కొన్నట్టు ఊహించుకోమంటుంది. 50 కోట్లకు 25 లక్షల షేర్లు వస్తాయి. కోటిలోంచి ఆ పాతిక లక్షలు తీసేస్తే 75 లక్షలు మిగిలాయి. డబ్బేమీ కట్టకుండా ఉచితంగా వెళ్లిపోయిన షేర్లు ఇవేనని ప్రమాణం భావన. వీటినే 10 కోట్లకు కలుపుతారు. 100 కోట్లను 10.75 కోట్లతో భాగిస్తే 9.30 రూపాయలు. ఇది డైల్యూటెడ్ ఈపీఎస్. లెక్కల భాషలో దీన్ని ట్రెజరీ స్టాక్ పద్ధతి అంటారు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. కంపెనీ నిజంగా ఆ 25 లక్షల షేర్లు కొనదు. ఉద్యోగులు వచ్చిన రోజున కోటి కొత్త షేర్లూ పుట్టుకొస్తాయి, 50 కోట్ల నగదు కంపెనీ ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత అసలు బేసిక్ లెక్కలోనే షేర్లు 11 కోట్లవుతాయి. లాభం అప్పటికీ 100 కోట్లే ఉంటే ఈపీఎస్ 9.09 రూపాయలు. డైల్యూటెడ్ అంకెను చాలామంది జరగగల నష్టానికి హద్దు అనుకుంటారు. అది హద్దు కాదు, ఆ ఏడాది సగటు ధర దగ్గర నిలబడి వేసిన అంచనా.

ధర మారితే ఆ అంచనా కూడా కదులుతుంది. మన ఊహా కంపెనీ షేరు వచ్చే ఏడాది సగటున 400 రూపాయలకు చేరిందనుకోండి. లాభం అదే 100 కోట్లు, కొత్తగా ఒక్క ఆప్షన్ కూడా ఇవ్వలేదు. అవే 50 కోట్లకు ఇప్పుడు 12.5 లక్షల షేర్లే వస్తాయి. కలిపే షేర్లు 87.5 లక్షలు. డైల్యూటెడ్ ఈపీఎస్ 9.20 రూపాయలకు దిగింది. కంపెనీలో ఎవరూ వేలు కదపలేదు, మార్కెట్ కదిలింది. ఎదురు దిశలో చూస్తే, ధర 40 రూపాయలకు పడిపోతే 50 కట్టి షేరు తీసుకునేవాడు ఉండడు గనుక ఆ కోటి ఆప్షన్లూ లెక్కలోంచి పూర్తిగా తప్పుకుంటాయి. డైల్యూటెడ్ మళ్లీ 10 రూపాయలు. అలాగని ఆప్షన్లు రద్దు కాలేదు, ఉద్యోగుల దగ్గరే ఉన్నాయి. షేరు పైకి లేచిన రోజున అవీ లేస్తాయి.

టెస్లాలో జరిగింది ఇదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. 2018లో కంపెనీ అధినేత ఎలాన్ మస్క్‌కు ఇచ్చిన ఆప్షన్ల ధర, 2020 ఆగస్టులో ఒక షేరును ఐదుగా విడగొట్టాక, 70.01 డాలర్లు. 2019 చివర టెస్లా షేరు అదే లెక్కన 83.67 డాలర్లు. ఆ ధర దగ్గర పై పద్ధతి వేస్తే ప్రతి వంద ఆప్షన్లలో 16 మాత్రమే అదనపు షేర్లుగా తేలతాయి. 2020 చివరికి షేరు 705.67 డాలర్లకు ఎగబాకింది. అక్కడ అదే వంద ఆప్షన్లు 90 షేర్లవుతాయి. నియమం ప్రకారం ఏడాది సగటు ధరనే తీసుకుంటారు కాబట్టి అసలు లెక్క ఈ రెంటి మధ్య ఎక్కడో తేలింది. పైగా ఆ ఆప్షన్లు విడతలు విడతలుగా, కంపెనీ మార్కెట్ విలువా అమ్మకాలూ లాభాలూ ఫలానా మెట్టు ఎక్కితేనే దక్కేవి. మెట్టు ఎక్కని విడత లెక్కలోకి రాదు. వీటికి తోడు మిగతా ఉద్యోగుల ఆప్షన్లు, షేర్లుగా మారే బాండ్లు, వారంట్లు ఉన్నాయి. అన్నీ కలిసి 93.3 కోట్ల షేర్లను 108.3 కోట్లు చేశాయి. వాటాదారులకు లెక్కగట్టిన లాభం 69 కోట్ల డాలర్లు. దాన్ని మొదటి సంఖ్యతో భాగిస్తే 74 సెంట్లు, రెండో సంఖ్యతో భాగిస్తే 64. ఏడాది చివరి ధరను బేసిక్ ఈపీఎస్‌తో భాగిస్తే పీఈ సుమారు 950, డైల్యూటెడ్‌తో భాగిస్తే 1,100. ఆ ఎత్తున రెండూ ఒకటేలే అనుకోవచ్చు గానీ, పీఈ 20 ఉన్న కంపెనీలో ఇంత శాతం తేడా వస్తే అది 23 అవుతుంది. కొనాలా వద్దా అన్న నిర్ణయమే మారిపోవచ్చు.

ఆప్షన్లలో ఇంకో మెలిక ఉంది. దీని గురించి బయట మాట్లాడుకునేది తక్కువ. ఈసాప్ ఇచ్చిన రోజునే ఉద్యోగి దాన్ని వాడుకోలేడు. మూడు నాలుగేళ్లు పనిచేయాలి. ఆ ఆప్షన్ల విలువను కంపెనీ అన్నేళ్లలో కొంచెం కొంచెంగా ఖర్చు రాస్తుంది. ఇంకా ఖర్చు రాయని భాగాన్ని ఏం చేయాలి? ఉద్యోగి ఇంకా చేయాల్సిన పని కూడా అతను కట్టే ధరలో భాగమే అంటుంది ప్రమాణం. మన ఊహా కంపెనీలో ఒక్కో ఆప్షన్‌కు ఇంకా 60 రూపాయల ఖర్చు మిగిలి ఉందనుకుందాం. అప్పుడు ధర 50 కాదు, 110 అన్నట్టు లెక్క వేయాలి. 110 కోట్లకు 200 చొప్పున 55 లక్షల షేర్లు కొన్నట్టు. కలిపేవి 45 లక్షలే. డైల్యూటెడ్ ఈపీఎస్ 9.57 రూపాయలు.

ఇందాక 9.30 వచ్చింది, ఇప్పుడు 9.57. ఆప్షన్లు అవే, ధర అదే. అంటే కొత్తగా ఇచ్చిన ఈసాప్‌లు మొదటి ఏడాదిలో కింది అంకెను పెద్దగా కదపవు. ఏళ్లు గడిచి, ఖర్చు రాయడం పూర్తవుతున్నకొద్దీ వాటి బరువు పెరుగుతుంది. భారీగా ఈసాప్‌లు ప్రకటించిన కంపెనీ ఆ మరుసటి త్రైమాసికంలో రెండు ఈపీఎస్‌ల మధ్య తేడా లేదని చూపిస్తే, అందులో మోసమేమీ లేదు. లెక్క నడిచే తీరే అది. అలాగని ఆ తేడాను చూసి ఈసాప్ భారం తక్కువని అనుకుంటే మాత్రం పొరపాటు.

ఈసాప్‌ల ఖర్చు లాభంలోంచి ఒకసారి తీసేశాక, మళ్లీ షేర్ల సంఖ్య పెంచి ఈపీఎస్ తగ్గించడమంటే ఒకే దెబ్బ రెండుసార్లు కొట్టడం కాదా అని కొందరు కంపెనీల వాళ్లు వాదిస్తారు. నాకు ఆ వాదన నిలుస్తుందనిపించదు. ఖర్చు అన్నది ఉద్యోగి చేసిన పనికి కట్టిన విలువ. షేర్లు పెరగడం అన్నది ఆ పని ఫలితాన్ని ఇకమీదట ఎంతమంది పంచుకుంటారన్న లెక్క. జీతం నగదుగా ఇచ్చి ఉంటే మొదటిది ఉండేది, రెండోది ఉండేది కాదు.

ఇక కన్వర్టిబుల్స్. వీటికి ట్రెజరీ స్టాక్ పద్ధతి పనికిరాదు. ఎందుకంటే మార్చుకునే రోజున కొత్తగా ఎవరూ డబ్బు కట్టరు. అప్పు ఎప్పుడో ఇచ్చేశారు, ఇప్పుడది షేరుగా మారుతుందంతే. కాబట్టి ఏడాది మొదట్లోనే మారిపోయినట్టు ఊహిస్తారు. అలా ఊహిస్తే రెండు మార్పులు వస్తాయి. షేర్లు పెరుగుతాయి, ఆ అప్పు మీద వడ్డీ కట్టనక్కర్లేదు గనుక లాభం కూడా పెరుగుతుంది. వడ్డీ మిగిలితే దాని మీద పన్ను పడుతుంది కాబట్టి, పన్ను పోగా మిగిలేదాన్నే లాభానికి కలపాలి.

మన కంపెనీ 200 కోట్ల రూపాయల కన్వర్టిబుల్ డిబెంచర్లు కూడా ఇచ్చిందనుకోండి. వడ్డీ 4 శాతం, మార్పిడి ధర షేరుకు 250 రూపాయలు. అంటే మారితే 80 లక్షల షేర్లు వస్తాయి. మిగిలే వడ్డీ 8 కోట్లు, 25 శాతం పన్ను పోతే 6 కోట్లు. కొత్తగా వచ్చే ఒక్కో షేరు తనతో ఏడున్నర రూపాయల లాభం తెస్తోందన్నమాట. ఇది 9.30 కంటే తక్కువ, కనుక సగటును కిందికి లాగుతుంది. 106 కోట్లను 11.55 కోట్ల షేర్లతో భాగిస్తే 9.18 రూపాయలు.

ఇప్పుడు వడ్డీ 4 కాకుండా 8 శాతం అనుకుందాం. పన్ను పోగా మిగిలేది 12 కోట్లు, ఒక్కో కొత్త షేరు 15 రూపాయలు తెస్తుంది. దాన్ని కలిపితే ఈపీఎస్ పెరుగుతుంది. పెంచే కాగితాన్ని లెక్కలో చేర్చకూడదని ప్రమాణం ఖండితంగా చెబుతుంది. అందుకే ఎక్కువ వడ్డీ ఇచ్చే డిబెంచర్లు కింది అంకెలో కనిపించకుండానే పోతాయి. ఆ 80 లక్షల షేర్లు మాత్రం ఏ రోజైనా రావచ్చు.

ఈ రెండు పద్ధతుల మధ్య అసలు వైరుధ్యం మార్కెట్ ధర దగ్గర ఉంది. ఆప్షన్ల లెక్క మార్కెట్ ధరను అడిగి గానీ అడుగు వేయదు. డిబెంచర్ల లెక్క ఆ ధర వంక చూడనే చూడదు. పై ఉదాహరణలో షేరు సగటు ధర 200, మార్పిడి ధర 250. 250 రూపాయల అప్పు వదులుకుని 200 రూపాయల షేరు తీసుకునేవాడెవడు? అయినా వాటిని కలిపేశాం.

మన కంపెనీలకు ఇది అనుభవమే. 2005 నుంచి 2008 మొదటి వరకు మార్కెట్ ఉరకలేస్తున్న రోజుల్లో చాలా కంపెనీలు విదేశాల్లో ఎఫ్‌సీసీబీలు, అంటే విదేశీ కరెన్సీలో తీసుకుని షేర్లుగా మార్చుకోగల బాండ్లు, అమ్మాయి. షేర్లు ఇంకా పెరుగుతాయన్న నమ్మకంతో మార్పిడి ధరలు పైన పెట్టారు. 2008లో మార్కెట్ కూలింది. షేర్లుగా మార్చుకునే ఆశ లేక బాండ్ల యజమానులు డాలర్లు తిరిగి అడిగారు. 2012 అక్టోబరులో సుజ్లాన్ దాదాపు 20.9 కోట్ల డాలర్ల బాండ్లు చెల్లించలేక చేతులెత్తేసింది. ఇలాంటి చోట వాటాదారుకు ప్రమాదం షేర్లు పెరగడంలో లేదు, పెరగకపోవడంలోనే ఉంది. డైల్యూటెడ్ ఈపీఎస్ ఎంత జాగ్రత్తగా కట్టినా ఆ ప్రమాదాన్ని చెప్పలేదు. బాండ్లు తీర్చాల్సిన తేదీనీ, కంపెనీ చేతిలో ఉన్న నగదునూ పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిందే.

తప్పనిసరిగా షేర్లుగా మారి తీరాల్సిన కాగితాల సంగతి వేరు. స్టార్టప్‌లలో తరచూ వినిపించే సీసీపీఎస్‌లు ఇలాంటివి. మారడం ఖాయం గనుక వాటి షేర్లను ఇండ్ ఏఎస్ 33 నేరుగా బేసిక్ లెక్కలోనే వేయమంటుంది.

నష్టాల కంపెనీల దగ్గరికి వస్తే ఈ రెండో వరుస మూగబోతుంది. 100 కోట్ల నష్టాన్ని 10 కోట్ల షేర్లతో భాగిస్తే షేరుకు 10 రూపాయల నష్టం. 10.75 కోట్లతో భాగిస్తే 9.30. షేర్లు పెరిగేకొద్దీ నష్టం తక్కువగా కనిపిస్తుంది. అలా చూపించడం కుదరదు కాబట్టి ఆప్షన్లనూ బాండ్లనూ అన్నిటినీ పక్కన పెట్టేస్తారు. బేసిక్, డైల్యూటెడ్ రెండూ ఒకటే అంకె. టెస్లా 2019లో 86.2 కోట్ల డాలర్లు నష్టపోయింది. అప్పటి షేర్ల లెక్కన బేసిక్ 4.92 డాలర్ల నష్టం, డైల్యూటెడ్ కూడా 4.92 డాలర్ల నష్టమే. ఆ రెండు అంకెలు చూసినవాడికి కంపెనీలో ఆప్షన్లే లేవనిపిస్తుంది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, లాభం వచ్చిన మొదటి ఏడాదే, 15 కోట్ల షేర్లు ఒక్కసారిగా బయటపడ్డాయి. వాటిలో చాలాభాగం అంతకుముందు కూడా ఎవరో ఒకరి చేతిలో ఉన్నవే.

నష్టాల్లో ఉంటూ ఐపీఓకు వచ్చిన మన కొత్తతరం కంపెనీలను చదవాల్సింది ఈ దృష్టితోనే. వీటిలో కొన్ని ఈసాప్‌లను షేరు ముఖ విలువకే, అంటే ఒకట్రెండు రూపాయలకే ఇస్తాయి. మార్కెట్లో షేరు వంద రూపాయలు పలుకుతుంటే, ఖర్చు రాయడం పూర్తయిన అలాంటి ఆప్షన్ దాదాపు పూర్తి షేరుగానే లెక్కకొస్తుంది. కానీ కంపెనీ నష్టాల్లో ఉన్నంతకాలం డైల్యూటెడ్ వరుసలో వాటి జాడ కనబడదు. లాభాల్లోకి తిరిగిన మొదటి త్రైమాసికంలో అందరూ లాభాన్ని చూసి మురిసిపోతుంటారు. అప్పుడు చూడాల్సింది భాగహారం.

టెస్లా లెక్కలో ఎదురు దిశలో ఒక విశేషం కూడా ఉంది. బాండ్లు షేర్లుగా మారినప్పుడు పడే భారాన్ని తగ్గించుకోవడానికి ఆ కంపెనీ ముందుగానే బ్యాంకుల దగ్గర డబ్బు కట్టి హెడ్జ్ ఒప్పందాలు కొనిపెట్టుకుంది. అవసరమైనప్పుడు బ్యాంకులే ఆ షేర్లు ఇచ్చి సర్దుతాయి. కానీ కంపెనీ తన షేర్ల మీద తానే కొనుక్కున్న హక్కు ఈపీఎస్‌ను పెంచేది గనుక దాన్ని లెక్కలో చేర్చడానికి వీల్లేదు. అందువల్ల 108.3 కోట్లు అన్న సంఖ్య కొంత ఎక్కువ చేసి చెప్పినట్టే అయింది. కింది అంకె ఎప్పుడూ తక్కువే చెబుతుందని కూడా అనుకోనక్కర్లేదన్నమాట.

మరి మామూలు మదుపరి ఏం చూడాలి? త్రైమాసిక పట్టికతో ఇది తేలదు, వార్షిక నివేదిక తెరవాలి. ఆర్థిక నివేదికల నోట్స్‌లో ఈపీఎస్ పేరుతో ఒక చిన్న నోట్ ఉంటుంది. సగటు షేర్లు ఎన్ని, అదనంగా కలిపినవి ఎన్ని అన్నది అందులో ఉంటుంది. ఈపీఎస్‌ను తగ్గించవు కాబట్టి ఈసారికి వదిలేసిన కాగితాలు ఉంటే వాటినీ అక్కడే చెప్పాలన్నది నియమం. నష్టాల కంపెనీలో ఆ నోట్‌లో అన్నిటికంటే విలువైన వాక్యం అదే.

ఆ తర్వాత ఈసాప్‌ల నోట్. ఏడాది మొదట్లో ఎన్ని ఆప్షన్లున్నాయి, కొత్తగా ఎన్ని ఇచ్చారు, ఎన్ని వాడుకున్నారు, ఎన్ని రద్దయ్యాయి, చివరికి ఎన్ని మిగిలాయి, సగటున ఏ ధరకు అన్నవి అక్కడ దొరుకుతాయి. చివరికి మిగిలిన సంఖ్యను, మార్పిడికి ఉన్న డిబెంచర్ల షేర్లను, ఎలాంటి ఊహా కొనుగోళ్లూ లేకుండా నేరుగా కలిపి ఒకసారి భాగించి చూడండి. మన ఊహా కంపెనీలో 10 కోట్లకు కోటి ఆప్షన్లు, 80 లక్షల డిబెంచర్ షేర్లు కలిస్తే 11.8 కోట్లు. వడ్డీ కలిపిన 106 కోట్ల లాభాన్ని దానితో భాగిస్తే 8.98 రూపాయలు. కంపెనీ అచ్చువేసిన అంకెలు 10, 9.18. ఉద్యోగులు కట్టబోయే 50 కోట్లు కంపెనీకి చేరతాయి కాబట్టి 8.98 కూడా పూర్తి నిజం కాదు, కాస్త కఠినమైన లెక్క. ఆ 50 కోట్లతో కంపెనీ ఏమాత్రం సంపాదించగలదనుకుంటే అసలు అంకె అంత పైకి జరుగుతుంది.